గల్లాపెట్టె చెప్పని సగం లెక్క

కొత్తగా కొట్టు పెట్టినవాళ్లలో చాలామంది ఒకే రకంగా లెక్క రాస్తారు. ఒక నోటుబుక్కు, పేజీ మధ్యలో ఒక గీత. ఇటు వచ్చిన డబ్బు, అటు పోయిన డబ్బు. రాత్రి షట్టరు దించే ముందు రెండూ కూడి, మిగులు గల్లాపెట్టెలో ఉందో లేదో చూసుకుంటారు. సరిపోతే ఆ రోజుకు లెక్క అయిపోయినట్టే. నెల తిరిగేసరికి మాత్రం కొన్ని ప్రశ్నలు వచ్చిపడతాయి. సరుకు ఇచ్చిన టోకు వ్యాపారికి ఇంకా ఎంత బాకీ? పక్కనున్న టిఫిన్ సెంటరు నుంచి ఎంత రావాలి? ఇంతకీ వచ్చింది లాభమా, నష్టమా? నోటుబుక్కు ఎన్నిసార్లు తిరగేసినా జవాబు దొరకదు.

అందులో రాసింది తప్పు కాదు. రాయాల్సిందాంట్లో సగమే రాశారు. టోకు వ్యాపారికి 20,000 రూపాయలు ఇచ్చినప్పుడు జరిగినవి రెండు: గల్లాలో 20,000 తగ్గింది, ఆయనకున్న బాకీ కూడా 20,000 తగ్గింది. నోటుబుక్కు మొదటిది పట్టుకుని రెండోది వదిలేసింది. ఆ వదిలేసినదానికి కూడా ఒక ఖాతా తెరిచి, రెండుచోట్లా ఒకే మొత్తం రాయడాన్నే కామర్సు పుస్తకాల్లో జంటపద్దు విధానం అంటారు.

ఇది నియమంగా వింటే బోలెడంత చాకిరీలా కనిపిస్తుంది. ఒక కొట్టు మొదటి నెల లెక్కలో నడిపించి చూస్తే సంగతి తెలుస్తుంది. ఒక చిన్న పట్టణంలో, బస్టాండు వెనక సందులో ఒకామె కిరాణా కొట్టు తెరిచిందనుకుందాం. అంకెలు సులువుగా ఉండేందుకు వేసుకున్నవే. జీఎస్టీ, కరెంటు బిల్లు పక్కన పెట్టాం. వాటిని కలిపితే ఇంకో రెండు ఖాతాలు పెరుగుతాయి తప్ప పద్ధతి మారదు.

మొదటి రోజు ఆమె తన పొదుపులోంచి 2,00,000 తెచ్చి కొట్టు గల్లాలో పెట్టింది. నోటుబుక్కు లెక్కలో ఇది 'వచ్చిన డబ్బు'. మరి అమ్మకం మీద వచ్చిన డబ్బూ అదే వరసలో పడుతుంది కదా, రెంటికీ తేడా ఏది? జంటపద్దు ఇక్కడే మొదటి ప్రశ్న వేస్తుంది: ఈ డబ్బు ఎక్కడికి చేరింది, ఎక్కడినుంచి వచ్చింది? చేరింది నగదు ఖాతాకు. వచ్చింది యజమాని దగ్గరనుంచి, కాబట్టి మూలధనం ఖాతా. విలువ చేరిన ఖాతాకు డెబిట్, అది బయల్దేరిన ఖాతాకు క్రెడిట్. డెబిట్ అంటే చెడు, క్రెడిట్ అంటే మంచి అన్న అర్థాలేవీ లెక్కల్లో లేవు. ఒకటి పేజీకి ఎడమవైపు, ఇంకోటి కుడివైపు, అంతే.

యజమాని పెట్టిన డబ్బు కొట్టుకు ఒక విధంగా అప్పు అనడం కొత్తవాళ్లకు మింగుడుపడదు. కొట్టు నాదే, డబ్బు నాదే, మధ్యలో ఈ బాకీ ఏమిటి అనిపిస్తుంది. లెక్క రాసేది మాత్రం కొట్టు తరఫున. కొట్టు వేరు, యజమాని వేరు అనుకుని రాస్తేనే ఆమె ఎంత పెట్టింది, ఎంత తీసుకుంది, మిగిలింది ఎంత అన్నది తేలుతుంది. 1494లో వెనిస్‌లో లూకా పాచోలీ అనే ఫ్రాన్సిస్కన్ సన్యాసి 'సుమ్మా' అనే పెద్ద గణిత గ్రంథం అచ్చు వేయించాడు. అందులో లెక్కలు రాసే పద్ధతికి ఒక భాగం కేటాయించి, నగదును బాకీపడ్డ మనిషిలా, మూలధనాన్ని బాకీ రావాల్సిన మనిషిలా చూడమన్నాడు. పద్ధతి ఆయన కనిపెట్టింది కాదు. వెనిస్ వర్తకులు అప్పటికే వాడుతున్నదాన్ని అందరికీ అర్థమయ్యేలా రాశాడు. జెనోవా నగరపాలన 1340 నాటి లెక్కల పుస్తకాల్లోనే జంటపద్దులు కనిపిస్తాయి. అంటే ఇది పంతుళ్లు పిల్లల మీద రుద్దడానికి పుట్టించింది కాదు. ఊరూరా అప్పులు, సరుకులు పెట్టుకుని తిరిగే వర్తకులు తమ అవసరం కొద్దీ ఏర్పరచుకున్నది.

మళ్లీ కొట్టుకు వద్దాం. ర్యాకులు, ఫ్రిజ్, కాటా కలిపి 60,000 అయ్యాయి. నగదు ఇచ్చేసింది. నగదు ఖాతాకు క్రెడిట్ 60,000, సామగ్రి ఖాతాకు డెబిట్ 60,000. డబ్బు గల్లాలోంచి పోయింది కానీ ఆమె ఆస్తి ఒక్క రూపాయి తగ్గలేదు, రూపం మార్చుకుంది. అదే రోజు గది అద్దె 10,000 కట్టింది. గల్లాకు ఇదీ పోయిన డబ్బే, అదీ పోయిన డబ్బే. రెండో ఖాతా చూస్తే తేడా కనిపిస్తుంది. అద్దె ఖాతాకు పడ్డ 10,000 ఆ నెలతో ఖర్చయిపోతుంది. ఫ్రిజ్ మీద పెట్టింది ఏళ్ల తరబడి ఉంటుంది. ఆ రెండో పద్దు లేకపోతే నెలాఖరున 70,000 పోయిందని మాత్రమే తెలిసేది.

తర్వాత సరుకు. టోకు వ్యాపారి దగ్గర 80,000 రూపాయల పప్పులు, నూనెలు, సబ్బులు తెచ్చింది. 30,000 చేతికిచ్చి మిగతాది వచ్చే నెలలో ఇస్తానంది. ఇక్కడ ఖాతాలు మూడయ్యాయి. కొనుగోళ్ల ఖాతాకు 80,000 డెబిట్. నగదుకు 30,000, టోకు వ్యాపారి ఖాతాకు 50,000 క్రెడిట్. ప్రతి లావాదేవీకీ రెండు ఖాతాలు అంటే కనీసం రెండు అని అర్థం. ఎన్ని ఖాతాలైనా ఎడమవైపు మొత్తమూ కుడివైపు మొత్తమూ సమానం కావాలి. నోటుబుక్కులో ఈ బేరం 30,000గానే కనిపించేది. చేతులు మారని 50,000కు అందులో చోటే లేదు. కొట్టు కొత్తలో ఎక్కువమందిని దెబ్బతీసేది ఈ చోటు లేని మొత్తమే. గల్లా నిండుగా ఉంది కదా అని ఇంకో బేరానికి చేయి చాపుతారు, గడువు రోజున టోకు వ్యాపారి వచ్చి నిలబడతాడు.

నెల పొడవునా అమ్మకాలు సాగాయి. గల్లాలో పడ్డవి 21,000. క్యూఆర్ కోడు స్కాన్ చేసి ఇచ్చినవి 15,000, అవి బ్యాంకులో చేరాయి. పక్క టిఫిన్ సెంటరాయన 12,000 సరుకు అరువుకు తీసుకున్నాడు. మొత్తం 48,000 అమ్మకాల ఖాతాకు క్రెడిట్. దానికి జోడీగా నగదు, బ్యాంకు, టిఫిన్ సెంటరు ఖాతాలకు డెబిట్లు. అరువుకు ఇచ్చినా అమ్మకం అమ్మకమే. డబ్బు రాలేదు కాబట్టి రాయనక్కర్లేదు అనుకుంటే సరుకు పోయినట్టు కనిపిస్తుంది, దానికి బదులు ఏం వచ్చిందో తెలియదు. వచ్చింది ఒక హక్కు, ఆయన దగ్గర 12,000 వసూలు చేసుకునే హక్కు. అది కూడా ఆస్తే.

నెల చివరి వారంలో మూడు చిన్న సంగతులు జరిగాయి. టిఫిన్ సెంటరాయన 5,000 ఫోన్‌లో పంపాడు. ఆమె టోకు వ్యాపారికి 20,000 నగదు ఇచ్చింది. పిల్లాడి స్కూలు ఫీజుకని గల్లాలోంచి 4,000 తీసుకుంది. మూడోది కొట్టు ఖర్చు కాదు, యజమాని సొంతవాడకం. ఆ పేరుతోనే వేరే ఖాతాకు డెబిట్ రాయాలి. గల్లాలోంచి ఇంటికి తీసుకోవడం తప్పేమీ కాదు. రాయకుండా తీసుకుంటే మాత్రం కొట్టు లాభం ఎక్కడికి పోయిందో తర్వాత ఎవరూ చెప్పలేరు.

ఇప్పుడు ఆవర్జా తిరగేసి ఒక్కో ఖాతాలో నిల్వ ఎంతో చూద్దాం. డెబిట్ వైపు నగదు 97,000, బ్యాంకు 20,000, సామగ్రి 60,000, కొనుగోళ్లు 80,000, అద్దె 10,000, టిఫిన్ సెంటరు నుంచి రావాల్సింది 7,000, సొంతవాడకాలు 4,000. కూడితే 2,78,000. క్రెడిట్ వైపు మూలధనం 2,00,000, టోకు వ్యాపారికి ఇవ్వాల్సింది 30,000, అమ్మకాలు 48,000. అవీ 2,78,000. ఈ పట్టికను అంకణా అంటారు. రెండు వైపులా కలవడం అదృష్టం కాదు. ప్రతి పద్దులోనూ రెండు వైపులూ సమానంగా రాస్తూ వచ్చినప్పుడు మొత్తాలు వేరుగా ఉండడానికి వీల్లేదు.

కలవకపోతే ఎక్కడో రాతలో పొరపాటు ఉన్నట్టు. దాన్ని పట్టుకోవడానికి పాత గుమాస్తాలు వాడే కిటుకులు రెండున్నాయి. తేడా 9తో భాగారిస్తే అంకెలు తారుమారై ఉండొచ్చు. 2,300కు బదులు 3,200 రాస్తే తేడా 900, అది 9కి పోతుంది. లేదా తేడాలో సగం తీసి, ఆ మొత్తం ఉన్న పద్దు కోసం వెతకాలి. ఎడమవైపు రాయాల్సిన 2,000ను పొరపాటున కుడివైపు రాస్తే తేడా 4,000 వస్తుంది. కంప్యూటర్లో రాసుకునేవాళ్లకు ఈ బాధ లేదు. రెండు వైపులూ సమానంగా లేని పద్దును సాఫ్ట్‌వేరు లోపలికి తీసుకోదు.

అలాగని అంకణా కలిస్తే లెక్క సరైనదని అనుకోవడం పెద్ద పొరపాటు. ఇది కొత్త యజమానులకు ఎవరూ గట్టిగా చెప్పరు.

టిఫిన్ సెంటరాయన పంపిన ఆ 5,000నే తీసుకుందాం. ఫోను మోగింది, డబ్బు పడింది. కౌంటరు దగ్గర కూర్చున్న కుర్రాడు దాన్ని మామూలు అమ్మకం అనుకుని రాసేశాడు: బ్యాంకుకు డెబిట్ 5,000, అమ్మకాలకు క్రెడిట్ 5,000. నిజానికి క్రెడిట్ పడాల్సింది టిఫిన్ సెంటరు ఖాతాకు. ఎందుకంటే ఆ సరుకు అమ్మినప్పుడే అమ్మకం రాశారు, ఇప్పుడు వచ్చింది పాత బాకీ. ఇప్పుడు అంకణా వేస్తే రెండు వైపులా 2,83,000 వస్తుంది, చక్కగా కలుస్తుంది. లోపల మాత్రం అమ్మకాలు 53,000 అయిపోయాయి, టిఫిన్ సెంటరు బాకీ 12,000గానే ఉండిపోయింది. జరగని అమ్మకం 5,000, లేని బాకీ 5,000. రెండు తప్పులూ ఒకదాన్నొకటి మోసుకుంటూ నిలబడ్డాయి.

టాలీలాంటి సాఫ్ట్‌వేరు వాడినా ఈ తప్పును అది ఆపలేదు. 1986లో బెంగళూరులో మొదలైన ఆ కంపెనీ సాఫ్ట్‌వేరును ఇవాళ చిన్న పట్టణాల్లోని అకౌంటెంట్లు కూడా వాడుతున్నారు. అందులో వసూళ్లకు F6, అమ్మకాలకు F8 మీట నొక్కాలి. కుర్రాడు F8 నొక్కి బ్యాంకు ఖాతా ఎంచుకుంటే సాఫ్ట్‌వేరు వద్దనదు. దానికి తెలిసింది రెండు వైపులా 5,000 ఉందని మాత్రమే. ఆ డబ్బు ఎందుకు వచ్చిందో తెలిసింది మనిషికే.

మరి బయటపడేది ఎలా? రెండో ఖాతాలో ఉన్న అవతలి మనిషి ద్వారా. నెలాఖరున ఆమె వెళ్లి పన్నెండు వేలు రావాలి అంటుంది. ఆయన, "అదేంటక్కా, మొన్న శుక్రవారమే ఐదు వేలు ఫోన్‌పే కొట్టాను కదా" అంటాడు. ఫోను తీసి చూపిస్తాడు. అక్కడికి వాదన అయిపోతుంది. అందుకే ఖాతాలను వాటి వాటి మనుషులతో, వస్తువులతో సరిచూడాలి. గల్లాలో నోట్లు లెక్కపెట్టి నగదు ఖాతాతో, స్టేట్‌మెంటు తెచ్చి బ్యాంకు ఖాతాతో, టోకు వ్యాపారి ఇచ్చే లెక్కతో ఆయన ఖాతాతో పోల్చాలి. పూర్తిగా రాయడం మరిచిపోయిన పద్దును కూడా అంకణా పట్టుకోలేదు. రెండు వైపులా లేనిది రెండు వైపులా సమానమే కదా. దాన్ని పట్టుకునేదీ ఈ సరిచూపే.

బ్యాంకు స్టేట్‌మెంటు చేతికి రాగానే కొత్తవాళ్లకు ఇంకో గందరగోళం ఎదురవుతుంది. ఆమె పుస్తకంలో డబ్బు చేరిందని బ్యాంకు ఖాతాకు డెబిట్ రాసింది. బ్యాంకు మెసేజీ మాత్రం '5,000 క్రెడిట్ అయింది' అంటోంది. ఎవరిది తప్పు? ఎవరిదీ కాదు. ఆ మెసేజీ బ్యాంకు తన పుస్తకంలోంచి పంపింది. ఆమె దాచుకున్న డబ్బు బ్యాంకు తిరిగి ఇవ్వాల్సిన బాకీ. కాబట్టి బ్యాంకు లెక్కలో ఆమె పేరు మీద క్రెడిట్. ఆమె లెక్కలో అదే డబ్బు బ్యాంకు నుంచి రావాల్సింది, కాబట్టి డెబిట్. అదే విధంగా టోకు వ్యాపారి ఖాతా ఆమె పుస్తకంలో 30,000 క్రెడిట్ చూపిస్తే, ఆయన పుస్తకంలో ఆమె ఖాతా అదే 30,000 డెబిట్ చూపించాలి. ఆమె పుస్తకంలోనే రెండు పద్దులు, అవతలివాళ్ల పుస్తకంలో ఇంకో రెండు. అన్నీ ఒకే బేరం గురించి చెబుతున్నాయి. పొరపాటు దాక్కోవడానికి చోటు తక్కువ కావడం అందువల్లే.

క్యూఆర్ కోడును ఇంటి సేవింగ్స్ ఖాతాకు కలిపినవాళ్లు ఈ సరిచూపు సరిగ్గా చేసుకోలేరు. గ్యాస్ బిల్లు, చుట్టం పంపిన డబ్బు, ఈఎంఐ, కొట్టు అమ్మకం అన్నీ ఒకే స్టేట్‌మెంటులో కలగలిసి వస్తాయి. ఒక్కో వరసకూ రెండో ఖాతా ఏదో గుర్తు తెచ్చుకోవడంలోనే ఆదివారం గడిచిపోతుంది. కొట్టుకు వేరే బ్యాంకు ఖాతా తెరిస్తే సగం పని మిగులుతుంది.

చివరగా మొదట్లో వేసిన ప్రశ్న: లాభమా, నష్టమా? గల్లాలో 97,000, బ్యాంకులో 20,000 కలిపి 1,17,000 ఉంది. 2,00,000తో మొదలుపెట్టింది కాబట్టి 83,000 పోయిందని ఒకరు, నెలలో చేతికి 41,000 వచ్చిందని ఇంకొకరు అనొచ్చు. రెండూ లాభనష్టాల లెక్కలు కావు. నెలాఖరున ర్యాకుల్లో మిగిలిన సరుకును కొన్న ధరకు లెక్కకడితే 40,000 తేలింది. ఇది పుస్తకంలోంచి వచ్చే అంకె కాదు. స్టూలెక్కి ఒక్కో ప్యాకెట్టూ లెక్కపెట్టాల్సిందే. 80,000 సరుకులో 40,000 మిగిలిందంటే అమ్ముడుపోయిన సరుకు ధర 40,000. దాన్ని 48,000కు అమ్మింది, మిగిలింది 8,000. అందులోంచి అద్దె 10,000 తీసేస్తే నష్టం 2,000. ఫ్రిజ్, ర్యాకుల తరుగుదల కూడా తీస్తే నష్టం ఇంకాస్త పెరుగుతుంది. లెక్క తేలిగ్గా ఉండేందుకు దాన్ని ఇక్కడ వదిలేశాం.

ఇది నిజమో కాదో ఇంకో వైపునుంచి చూడొచ్చు. కొట్టుకు ఉన్నవి నగదు, బ్యాంకు, సామగ్రి, రావాల్సిన బాకీ, సరుకు కలిపి 2,24,000. టోకు వ్యాపారికి ఇవ్వాల్సిన 30,000 తీసేస్తే 1,94,000. ఆమె పెట్టిన 2,00,000లోంచి సొంతానికి తీసుకున్న 4,000, నష్టం 2,000 తీసివేసినా అదే 1,94,000. ఒకే జవాబుకు రెండు దారుల్లో చేరుకోగలిగింది ప్రతి లావాదేవీనీ రెండు చోట్ల రాసినందుకే.

కుర్రాడి తప్పు దిద్దకుండా వదిలేసి ఉంటే ఇదే పుస్తకం 3,000 లాభం చూపించేది. ఆ లాభం చూసి ఆమె సంతోషపడేది, ఇంకో కుర్రాణ్ణి పనిలో పెట్టుకునేదేమో కూడా. సరైన లెక్క చెప్పేది వేరు. 48,000 అమ్మకం మీద 8,000 మిగులుతోంది, అంటే ప్రతి ఆరు రూపాయల అమ్మకానికి ఒక రూపాయి. 10,000 అద్దె గిట్టాలంటే నెలకు 60,000 అమ్మాలి. మొదటి నెలలో సగటున రోజుకు 1,600 అమ్మింది. వచ్చే నెలలో అది 2,000 దాటాలి.